తొమ్మిదిలో అయిదు

1961 మార్చిలో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణంలో ‘ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లివింగ్’ అనే మానసిక వైద్యశాలకు పదిహేడేళ్ల అమ్మాయిని తీసుకొచ్చి చేర్చారు. సొంతూరు ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా. చదువులో చురుకైన పిల్ల, పియానో బాగా వాయించేది. ఆస్పత్రిలో మాత్రం దొరికిన వస్తువుతో తనను తాను గాయపరచుకునేది. ఏదీ దొరక్కుండా ఖాళీ గదిలో పెడితే తల బాదుకునేది. బలమైన మందులు ఇచ్చారు, కరెంటు షాకులు ఇచ్చారు, ఒంటరి గదిలో ఉంచారు. ఏదీ పనిచేయలేదు. కేసు కాగితాల్లో రాసిన జబ్బు పేరు స్కిజోఫ్రేనియా. 26 నెలల తరువాత, 1963లో ఆమెను ఇంటికి పంపేటప్పుడు, ఆస్పత్రిలో అందరికన్నా ఎక్కువ కల్లోలంలో ఉన్న రోగుల్లో ఆమె ఒకరని డాక్టర్లు రాసి పెట్టారు.

ఆ అమ్మాయి పేరు మార్షా లినెహన్. తరువాత ఆమె చదువుకుని సైకాలజిస్టు అయ్యింది. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ప్రొఫెసర్ అయ్యింది. పదే పదే ఆత్మహత్యాయత్నం చేసేవారి కోసం ‘డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ’ అనే చికిత్సను రూపొందించింది. ఈనాడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న చికిత్స అది. 2011 జూన్‌లో, తన 68వ ఏట, ఒకప్పుడు రోగిగా ఉన్న ఆ ఆస్పత్రిలోనే నిలబడి తన గతాన్ని మొదటిసారి అందరి ముందూ చెప్పింది. తనకు స్కిజోఫ్రేనియా లేదనీ, ఈనాటి లెక్కన చూస్తే తనది ‘బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్’ అనీ ఆమె అభిప్రాయం.

మనిషి ఒక్కరే. బాధ ఒక్కటే. జబ్బు పేరు మాత్రం కాలాన్ని బట్టి మారిపోయింది. వ్యక్తిత్వ రుగ్మతల చుట్టూ దశాబ్దాలుగా సాగుతున్న వాదమంతా ఈ మార్పు దగ్గరే మొదలవుతుంది.

తీరు ఎప్పుడు రుగ్మత అవుతుంది?

డిప్రెషన్ వచ్చిన మనిషి ‘నేను ఇదివరకు ఇలా ఉండేవాణ్ని కాదు’ అంటాడు. జబ్బుకు ముందు ఒక మనిషి, జబ్బు వచ్చాక ఒక మనిషి. వ్యక్తిత్వ రుగ్మతలో అలాంటి గీత కనిపించదు. ఆ మనిషి ఆలోచించే తీరు, కోపం తెచ్చుకునే తీరు, ఇతరులతో మెలిగే తీరు కౌమారం నుంచో తొలి యవ్వనం నుంచో అలాగే సాగుతూ వస్తాయి. ఇంట్లో, ఆఫీసులో, స్నేహాల్లో, అన్నిచోట్లా అదే తీరు. దానివల్ల తానైనా బాధపడుతూ ఉండాలి, బతుకైనా దెబ్బతింటూ ఉండాలి. మద్యం వల్లనో, మరో మానసిక జబ్బు వల్లనో, తలకు తగిలిన దెబ్బ వల్లనో వచ్చిన మార్పు అయి ఉండకూడదు. ఇన్ని షరతులు నెరవేరితేనే డాక్టరు ఈ పేరు రాయాలి.

ఇంకో షరతు ఉంది. ఆ తీరు, ఆ మనిషి పుట్టి పెరిగిన సమాజం ఆశించే తీరుకు బాగా దూరంగా ఉండాలి. మనకు ఇది చాలా ముఖ్యమైన షరతు. ముప్ఫై ఏళ్ల కొడుకు ఉద్యోగం మారడానికి నాన్నను అడిగితే, స్థలం కొనడానికి పెదనాన్నను అడిగితే మన ఇళ్లలో దాన్ని పెద్దరికానికి ఇచ్చే గౌరవం అంటారు. పదహారేళ్లకే పిల్లలు వేరు పడాలని కోరుకునే సమాజంలో అదే ప్రవర్తనను పరాధీనతగా చూడవచ్చు. పసిపిల్లకు దిష్టి తీసే తల్లి, తుమ్మితే కాసేపు ఆగి బయలుదేరే తాత వింత నమ్మకాలున్న మనుషులు కారు. ఊరంతా నమ్మేదాన్ని నమ్మడం రుగ్మత లక్షణం కాదు. కాగితం మీది ప్రశ్నలను మాత్రమే చదివి, ఎదుటి మనిషి ఊరూ ఇల్లూ తెలుసుకోకుండా టిక్కులు పెట్టే డాక్టరు ఇక్కడే పొరపడతాడు.

మూడు గుంపులు

మానసిక వైద్యులు వాడే పెద్ద పుస్తకాలు రెండు. ఒకటి అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రచురించే డీఎస్ఎమ్. రెండోది ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసే ఐసీడీ. 1980లో రాబర్ట్ స్పిట్జర్ నాయకత్వంలో వచ్చిన డీఎస్ఎమ్ మూడో కూర్పు వ్యక్తిత్వ రుగ్మతలను, ఇప్పుడు ఎ, బి, సి అని పిలిచే మూడు గుంపులుగా పేర్చింది. అప్పట్లో రుగ్మతలు పదకొండు. 1994లో అవి పదికి తగ్గాయి. ఆ పదే నేటికీ నడుస్తున్నాయి.

ఎ గుంపులో ఉన్నవాళ్లు చూసేవాళ్లకు విచిత్రంగా కనిపిస్తారు. పారనాయిడ్ తీరు మనిషికి ఎవరి మీదా నమ్మకం ఉండదు. పక్కింటావిడ పలకరించినా ఏదో ఆశించి పలకరించిందనే లెక్క. స్కిజాయిడ్ తీరు మనిషి ముభావి. తోడు లేదని దిగులు పడడు, ఎందుకంటే తోడు కావాలనే కోరిక అతనిలో ఉండదు. స్కిజోటైపల్ తీరులో మాట, నమ్మకం, ప్రవర్తన వింతగా ఉంటాయి. సొంత ఊరివాళ్లకే వింతగా తోచేంతగా ఉంటాయి.

బి గుంపువాళ్లలో ఉద్వేగాలు పొంగుతుంటాయి, వాళ్ల ప్రవర్తనను ముందుగా అంచనా వేయలేం. ఇతరుల హక్కులను లెక్కచేయక, చేసిన తప్పుకు పశ్చాత్తాపం లేకుండా సాగేది యాంటీసోషల్ తీరు. అందరి చూపూ తన మీదే ఉండాలని తపించేది హిస్ట్రియానిక్ తీరు. తనంతవాడు లేడనుకుంటూ, చిన్న విమర్శకే కుంగిపోయేది నార్సిసిస్టిక్ తీరు. నాలుగోది బోర్డర్‌లైన్. ఈ పదింటిలో ఎక్కువ పరిశోధన జరిగినవాటిలో ఒకటి, ఎక్కువ వివాదం రేపింది కూడా అదే.

సి గుంపును నడిపించేది భయం. నలుగురిలోకి వెళితే నవ్వుతారేమోనని తప్పుకు తిరిగేది అవాయిడెంట్ తీరు. అతనికి తోడు కావాలి, ధైర్యం చాలదు. స్కిజాయిడ్ మనిషికీ ఇతనికీ తేడా అదే. ఒకరి అండ లేనిదే చిన్న నిర్ణయం కూడా తీసుకోలేనిది డిపెండెంట్ తీరు. మూడోది అబ్సెసివ్ కంపల్సివ్ పర్సనాలిటీ. దీన్ని చాలామంది ఓసీడీ అని పొరబడతారు. ఓసీడీ ఉన్న మనిషి పదిసార్లు చేతులు కడుక్కుంటూ ‘ఇది తప్పని తెలుసు, ఆపలేకపోతున్నాను’ అని తన ఆలోచనతో తానే నలిగిపోతాడు. ఈ రెండో మనిషికి తన పద్ధతే సరైన పద్ధతి. జాబితా రాయనిదే పని మొదలుపెట్టడు, వేరేవాళ్లు చేసిన పని నచ్చదు, అన్నీ సరిచూసుకునేలోపు గడువు దాటిపోతుంది. మనవాళ్లు చాదస్తం అనేది బతుకును మింగేసేంతగా ముదిరితే ఈ పెట్టెలోకి వస్తుంది.

ఈ గుంపులు ఎలా పుట్టాయి? రక్తపరీక్షల నుంచి కాదు, మెదడు స్కానుల నుంచి కాదు. పైకి చూస్తే ఏవి ఒకేలా ఉన్నాయో వాటిని ఒకచోట చేర్చారు. ఈ పద్ధతికి పెద్ద పరిమితులున్నాయనీ, దీనికి నిలకడైన శాస్త్రీయ రుజువు దొరకలేదనీ డీఎస్ఎమ్ పుస్తకమే రాసుకుంది. చదివేవాళ్లు సాధారణంగా ఆ వాక్యాన్ని దాటేసి గుంపుల పేర్లు కంఠస్థం చేస్తారు.

పెట్టెలు వచ్చిపోవడం కూడా ఉంది. 1980 జాబితాలో పదకొండోదిగా ఉన్న ‘పాసివ్ అగ్రెసివ్’ తీరు సంగతి చూడండి. పైకి ఎదురు చెప్పకుండా, పని ఆలస్యం చేస్తూ మొండికేసే తీరు అది. రెండో ప్రపంచ యుద్ధంలో కొందరు సైనికుల ప్రవర్తనను వర్ణించడానికి అమెరికా యుద్ధ శాఖ 1945లో జారీచేసిన వైద్య పత్రంలో ఆ మాట కనిపిస్తుంది. పైఅధికారి ఆజ్ఞలకు మనసులో ఎదురుతిరిగే జవాను ప్రవర్తన అక్కణ్నుంచి నడిచి జబ్బుల పుస్తకంలోకి వచ్చింది. 1994లో దాన్ని అనుబంధంలోకి నెట్టారు. అలాంటి మనుషులు ఆ ఏడాదితో లేకుండా పోలేదు, జాబితాలో పేరు మాత్రం పోయింది.

ఒకే పేరు, రెండు బతుకులు

బోర్డర్‌లైన్ అంటే సరిహద్దు. 1938లో అడాల్ఫ్ స్టెర్న్ అనే అమెరికా వైద్యుడు ఆ మాట వాడాడు. మామూలు మనోవ్యాధులకూ, మతి చలించే తీవ్ర జబ్బులకూ మధ్య గట్టు మీద ఉన్నట్టు తోచిన రోగుల గురించి అతను రాశాడు. ఇప్పుడు ఆ అర్థం ఎవరూ ఒప్పుకోరు, పేరు మాత్రం మిగిలింది.

ఈ రుగ్మతకు తొమ్మిది లక్షణాలు రాశారు. తనను వదిలేస్తారనే భయంతో అది జరక్కుండా విపరీతంగా పాకులాడటం ఒకటి. ఈరోజు దేవుడన్న మనిషినే రేపు దుర్మార్గుడనేలా ఊగిసలాడే బంధాలు రెండు. తానెవరో తనకే తెలియకపోవడం మూడు. ఖర్చు, తాగుడు, డ్రైవింగ్ వంటివాటిలో ముందూవెనకా చూడని దుడుకుతనం నాలుగు. ఆత్మహత్యాయత్నాలు లేదా తనను తాను గాయపరచుకోవడం అయిదు. గంటగంటకూ మారిపోయే మనస్థితి ఆరు. ఎప్పుడూ లోపల ఏదో ఖాళీగా ఉన్న భావన ఏడు. అదుపు తప్పే కోపం ఎనిమిది. ఒత్తిడి పెరిగినప్పుడు కాసేపు అందరినీ అనుమానించడం, లేదా తనకు తానే పరాయిగా తోచడం తొమ్మిది. వీటిలో ఏవైనా అయిదు ఉంటే పేరు ఖాయం.

ఇద్దరిని ఊహించుకుందాం. ఒకరు ఇరవై నాలుగేళ్ల అమ్మాయి, హైదరాబాద్‌లో ఉద్యోగం. స్నేహితురాలు మెసేజ్‌కు జవాబివ్వకపోతే అర్ధరాత్రి ఆటో ఎక్కి ఆమె గది ముందు నిలబడుతుంది. ప్రేమించినవాణ్ని వారం పొగిడి, మరో వారం అసహ్యించుకుంటుంది. ఏడాదిలో మూడుసార్లు చదువు, ఆశయం, స్నేహితుల బృందం అన్నీ మార్చింది. జీతం వచ్చిన మూడో రోజుకే ఖర్చు చేస్తుంది, హెల్మెట్ లేకుండా ఎక్కడలేని వేగంతో బండి నడుపుతుంది. ఉదయం ఉత్సాహం, మధ్యాహ్నం ఏడుపు. ఆమెలో ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఆరో లక్షణాలు ఉన్నాయి.

రెండో మనిషి ముప్ఫై అయిదేళ్ల దుకాణదారు. పెళ్లయి పదేళ్లు, స్నేహితులు చిన్ననాటివాళ్లే, తానెవరో ఏం కావాలో అతనికి స్పష్టంగా తెలుసు. డబ్బు విషయంలో జాగ్రత్తపరుడు. కాని లోపల ఏళ్ల తరబడి ఒక శూన్యం. చిన్నమాటకు పళ్లెం విసిరేసేంత కోపం. గొడవ తరువాత గదిలో తలుపు వేసుకుని తనను గాయపరచుకుంటాడు. ఆ సమయంలో భార్యా తమ్ముడూ కలిసి తన మీద కుట్ర చేస్తున్నారనిపిస్తుంది, గంట తరువాత ఆ అనుమానం పోతుంది. మనస్థితి పూటకో రకం. అతనిలో అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిదో లక్షణాలు ఉన్నాయి.

ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది ఆరో లక్షణం ఒక్కటే. అయినా ఇద్దరి ఫైలు మీదా ఒకే పేరు. తొమ్మిదిలో అయిదు లేదా అంతకన్నా ఎక్కువ ఎన్ని విధాలుగా ఎంచుకోవచ్చో లెక్కవేస్తే 256 వస్తుంది. అంటే ఈ ఒక్క పేరు కింద 256 రకాల లక్షణాల కలయికలు ఇమిడిపోతాయి. నాలుగు లక్షణాలే ఉండి, వాటిలో ఒకటి పదే పదే ఆత్మహత్యాయత్నం అయితే ఆ మనిషికి ఈ పేరు రాదు. అయిదు తేలికపాటివి ఉంటే వస్తుంది. అయిదు దగ్గరే గీత ఎందుకు గీశారంటే ప్రకృతి అక్కడ గీసిందని కాదు, ఎక్కడో ఒకచోట గీయక తప్పదని.

పైగా పెట్టెల మధ్య గోడలు పల్చగా ఉన్నాయి. ఒక పేరుకు సరిపోయిన మనిషి చాలాసార్లు మరో రెండింటికీ సరిపోతాడు. ఒకే మనిషిలో మూడు వేరువేరు జబ్బులున్నాయా, లేక ఒకే కష్టాన్ని మూడు వైపుల నుంచి చూస్తున్నామా అన్న ప్రశ్నకు ఈ పద్ధతి దగ్గర జవాబు లేదు.

పుడకలతో గాని పోదా?

‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అని మన సామెత. వైద్యులు కూడా చాలాకాలం వ్యక్తిత్వ రుగ్మతల గురించి ఇలాగే అనుకున్నారు. మారని తీరు అన్నదే దాని నిర్వచనం. మారనిదానికి చికిత్స ఎందుకన్న నిరాశ దాని వెంటే వచ్చింది.

బోస్టన్ దగ్గరున్న మెక్లీన్ ఆస్పత్రిలో మేరీ జనారిని అనే పరిశోధకురాలు 1992లో ఒక పని మొదలుపెట్టింది. బోర్డర్‌లైన్ రుగ్మతతో ఆస్పత్రిలో చేరిన 290 మందిని రెండేళ్లకోసారి కలుసుకుంటూ, వాళ్ల బతుకు ఎలా సాగుతోందో నమోదు చేస్తూ పోయింది. పదేళ్లు గడిచేసరికి వాళ్లలో 93 శాతం మందికి కనీసం రెండేళ్లపాటు ఆ పేరుకు సరిపడేటన్ని లక్షణాలు లేకుండా పోయాయి. తనను గాయపరచుకోవడం లాంటివి ముందు తగ్గాయి. ఖాళీతనం, వదిలేస్తారనే భయం నెమ్మదిగా తగ్గాయి.

ఆ అధ్యయనంలోనే దిగులు కలిగించే సంగతి కూడా ఉంది. లక్షణాలు తగ్గడంతో పాటు ఉద్యోగం, మంచి బంధాలు కూడా నిలబెట్టుకుని పూర్తిగా కోలుకున్నవాళ్లు సగం మందే. మిగతా సగం మందికి జబ్బు పేరు పోయినా బతుకు కుదుటపడలేదు. అంటే లక్షణాలను లెక్కపెట్టే జాబితాకు, మనిషి నిజంగా పడుతున్న ఇబ్బందికి మధ్య దూరం ఉంది. పదేళ్లలో పదిమందిలో తొమ్మిది మందిని వదిలిపోయే తీరును మారని వ్యక్తిత్వం అనడం ఎలా కుదురుతుంది?

ఎవరికి ఏ పేరు

1989లో మౌరీన్ ఫోర్డ్, థామస్ విడిగర్ అనే ఇద్దరు పరిశోధకులు 354 మంది సైకాలజిస్టులకు రోగుల కథలు రాసి పంపారు. కథ అదే, రోగి ఆడా మగా అన్నది మాత్రం మార్చారు. యాంటీసోషల్ లక్షణాలు స్పష్టంగా ఉన్న కథలో రోగి ఆడమనిషి అయితే, చాలామంది హిస్ట్రియానిక్ అనే పేరు వైపే మొగ్గారు. ఇందులో గమనించాల్సింది మరొకటుంది. ఒక్కొక్క లక్షణం ఉందా లేదా అని విడివిడిగా అడిగినప్పుడు ఈ పక్షపాతం కనిపించలేదు. మొత్తం మనిషిని చూసి పేరు పెట్టమన్నప్పుడే బయటపడింది.

బోర్డర్‌లైన్ పేరు కూడా ఆస్పత్రుల్లో ఎక్కువగా ఆడవాళ్లకే వచ్చింది. ఇంటింటికీ వెళ్లి మామూలు జనాన్ని అడిగిన అమెరికా సర్వేలో ఆడామగా మధ్య పెద్ద తేడా కనిపించలేదు. ఆత్మహానికి పాల్పడే ఆడమనిషి ఆస్పత్రికి చేరి ఈ పేరు పొందుతుంది. అదే కల్లోలం ఉన్న మగవాడు తాగుడు కేసుగానో పోలీసు కేసుగానో మరో దారిన పోతాడు.

ఇంకా లోతైన అభ్యంతరం మరొకటి. 1989లోనే హార్వర్డ్‌కు చెందిన జూడిత్ హెర్మన్ బృందం బోర్డర్‌లైన్ రోగుల బాల్యం గురించి అడిగింది. చిన్న అధ్యయనమే గాని, అందులో 81 శాతం మంది చిన్నప్పుడు తీవ్రమైన హింసను అనుభవించామనో చూశామనో చెప్పారు. ఇంట్లో దెబ్బలు తిన్న, లైంగిక వేధింపుకు గురైన పిల్ల పెద్దయ్యాక ఎవరినీ నమ్మలేకపోతే, వదిలేస్తారని వణికిపోతే, ఆ లోపం ఆమె వ్యక్తిత్వంలో ఉందనడం న్యాయమేనా అని హెర్మన్ వంటివారు ప్రశ్నించారు. గాయం పేరుతో పిలవాల్సినదాన్ని గుణం పేరుతో పిలుస్తున్నారన్నది వాళ్ల వాదన. ఈ వాదనకూ హద్దుంది. బాల్యంలో ఏ హింసా ఎరగనివాళ్లలోనూ ఈ రుగ్మత కనిపిస్తుంది, హింసను అనుభవించినవాళ్లందరికీ ఇది రాదు. పుట్టుకతో వచ్చే సున్నితత్వం, పెరిగిన ఇల్లు రెండూ కలిసి దీనికి దారితీస్తాయన్నది లినెహన్ సిద్ధాంతం.

పేరు పడ్డాక డాక్టరు చూపు ఎలా మారుతుందో బ్రిటన్‌లో 1988లో గ్లిన్ లూయిస్, లూయిస్ యాపిల్‌బై పరీక్షించారు. డిప్రెషన్‌తో వచ్చిన ఒక రోగి కథను మానసిక వైద్యులకు ఇచ్చారు. కొందరి ప్రతిలో ఒక వాక్యం అదనంగా చేర్చారు: ఇంతకుముందు ఇతనికి వ్యక్తిత్వ రుగ్మత ఉందని ఒక డాక్టరు చెప్పాడు. ఆ వాక్యం చదివిన వైద్యులు ఆ రోగిని సతాయించేవాడిగా, తమను వాడుకోవాలని చూసేవాడిగా, చికిత్సకు అంతగా అర్హుడు కానివాడిగా అంచనా వేశారు. అతని చావు ఆలోచనలు కూడా అతని అదుపులోనే ఉన్నాయనుకున్నారు. కథలో మిగతాదంతా మారలేదు. ఒక్క వాక్యం అంత పని చేసింది.

పెట్టెలు తీసేద్దామా?

ఈ విమర్శలన్నీ విన్నాక డీఎస్ఎమ్ అయిదో కూర్పు కోసం ఆండ్రూ స్కోడల్ అధ్యక్షతన నిపుణుల బృందాన్ని వేశారు. పదింటిలో ఆరింటినే ఉంచి, ముందు మనిషి బతుకు ఎంత దెబ్బతిన్నదో కొలిచి, తరువాత ఏ ఏ గుణాలు ఎంత మోతాదులో ఉన్నాయో రాయాలని ఆ బృందం చివరికి ప్రతిపాదించింది. దారిలో చాలా గొడవ జరిగింది. మొదటి ముసాయిదాలో నార్సిసిస్టిక్ పేరు తీసేస్తే నిరసనలు వచ్చి మళ్లీ చేర్చారు. బృందంలోని రోల్ వెర్హల్, జాన్ లివ్స్‌లీ 2012లో రాజీనామా చేశారు. ఆ ఏడాది డిసెంబరులో అసోసియేషన్ పాలకమండలి కొత్త పద్ధతిని ప్రధాన భాగంలో చేర్చడానికి ఒప్పుకోలేదు. ఫలితంగా 2013లో వచ్చిన పుస్తకంలో ముందు పాత పది పెట్టెలు, వెనక మూడో భాగంలో ప్రత్యామ్నాయ పద్ధతి ఉన్నాయి. 2022లో సవరించినప్పుడూ అలాగే ఉంచారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మరో దారి పట్టింది. బ్రిటన్ వైద్యుడు పీటర్ టైరర్ నేతృత్వంలోని బృందం పెట్టెలనే తీసేయాలంది. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఐసీడీ పదకొండో కూర్పులో డాక్టరు ముందుగా తేల్చేది ఒక్కటే: వ్యక్తిత్వ రుగ్మత ఉందా, ఉంటే స్వల్పమా, మధ్యస్థమా, తీవ్రమా? తరువాత అయిదు గుణాల్లో ఏవి ప్రబలంగా ఉన్నాయో రాస్తారు. తేలిగ్గా దిగులు, భయం, కోపం రావడం ఒకటి. మనుషులకు దూరంగా జరగడం రెండు. ఇతరుల బాధ పట్టకపోవడం మూడు. దుడుకుతనం నాలుగు. అన్నీ తన పద్ధతిలోనే జరగాలనే పట్టుదల, అంటే మన చాదస్తం, అయిదు.

బోర్డర్‌లైన్ మాత్రం పూర్తిగా పోలేదు. ఆ పేరు పోతే దాని మీద ఇన్నేళ్లుగా పరీక్షించి నిలబెట్టుకున్న చికిత్సలకు రోగులు అందకుండా పోతారని నిపుణులు ఆందోళన పడ్డారు. చివరికి ‘బోర్డర్‌లైన్ ప్యాటర్న్’ అని అదనంగా రాసుకునే వీలు కల్పించారు. ఆ ఆందోళనలో నిజముంది. లినెహన్ 1991లో ప్రచురించిన పరీక్షలో, ఏడాది పాటు ఆమె చికిత్స తీసుకున్న స్త్రీలు మామూలు చికిత్స తీసుకున్నవాళ్లకన్నా తక్కువసార్లు తమను గాయపరచుకున్నారు, ఆస్పత్రిలో తక్కువ రోజులు గడిపారు. వారానికోసారి డాక్టరుతో ఒంటరిగా మాట్లాడటం, వారానికోసారి బృందంలో కూర్చుని కోపాన్ని, బాధను తట్టుకునే మెళకువలు సాధన చేయడం, సంక్షోభంలో ఫోన్ చేసి సలహా అడగడం ఆ చికిత్సలో ముఖ్యమైనవి. మందులు ఈ రుగ్మతను నయం చేయవు. బ్రిటన్ జాతీయ మార్గదర్శకాలు 2009లోనే ఈ రుగ్మతకంటూ ప్రత్యేకంగా మందులు వాడవద్దని చెప్పాయి. తోడుగా ఉన్న డిప్రెషన్ వంటివాటికి వాడటం వేరు సంగతి.

మన ఫైళ్లలో, మన కోర్టుల్లో

మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, జబ్బును నిర్ధారించేటప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ తాజా ఐసీడీతో సహా, జాతీయంగా గానీ అంతర్జాతీయంగా గానీ ఒప్పుకున్న ప్రమాణాలను పాటించాలంటుంది. పాత పద్ధతిలో రాసిన ఆస్పత్రి కాగితం మీద F60.3 అనే కోడ్ కనిపిస్తే, అది ఐసీడీ పదో కూర్పులో బోర్డర్‌లైన్ కూడా చేరి ఉన్న ‘ఉద్వేగ అస్థిర వ్యక్తిత్వం’ అని అర్థం.

ఆ కాగితం ఆస్పత్రిలోనే ఆగకపోవచ్చు. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో మానసిక జబ్బును విడాకులకు కారణంగా చెప్పే చోట ‘సైకోపతిక్ డిజార్డర్’ అనే మాట ఉంది. విపరీతంగా దూకుడుగానో, తీవ్రమైన బాధ్యతారాహిత్యంతోనో ప్రవర్తించేలా చేసే దీర్ఘకాలిక మనోవికారం అని దానికి వివరణ. ఆ మాటలు ఈనాటి డీఎస్ఎమ్‌లోనూ లేవు, ఐసీడీలోనూ లేవు. చట్టంలో మాత్రం 1976 సవరణ నుంచి ఉన్నాయి. భార్య మీద గానీ భర్త మీద గానీ మోపడానికి ఇలాంటి పేరు సులువుగా చేతికందుతుంది.

సుప్రీంకోర్టు ఈ ప్రమాదాన్ని గుర్తించింది. స్కిజోఫ్రేనియా పేరుతో విడాకులు కోరిన కేసులో 1988లో తీర్పు చెబుతూ, జబ్బుకు పేరుంటే చాలదనీ, కలిసి బతకడం సాధ్యం కానంత తీవ్రంగా ఉందని రుజువు కావాలనీ అంది. 2013లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన డాక్టర్ల జంట కేసులోనూ అదే సూత్రం మీద నిలబడి, భర్త కోరిన విడాకులను నిరాకరించింది. అవి వ్యక్తిత్వ రుగ్మతల కేసులు కావు. అయినా పేరుకన్నా తీవ్రత ముఖ్యమన్న ఆ సూత్రం, ఐసీడీ పదకొండో కూర్పు వైద్యులకు చెబుతున్న సంగతికి దగ్గరగానే ఉంది.

మీకు గానీ మీ ఇంట్లోవారికి గానీ ఎవరైనా డాక్టరు ఈ పేరు రాస్తే నాలుగు ప్రశ్నలు అడగండి. ఎన్నిసార్లు, ఎంతసేపు మాట్లాడాక ఈ నిర్ణయానికి వచ్చారు? డిప్రెషన్, మద్యం, బైపోలార్ జబ్బు, బాల్యపు గాయం కారణం కాదని ఎలా తేల్చారు? చిన్నప్పటి నుంచి చూసినవాళ్లను ఎవరినైనా అడిగారా? ఈ పేరు వల్ల చికిత్సలో ఏం మారుతుంది? పది నిమిషాల ఓపీలో, అదీ సంక్షోభం నడుస్తున్న రోజున రాసిన పేరును తుది మాటగా తీసుకోకండి, మరో నిపుణుణ్ని కలవండి. కోపంలో భార్యనో భర్తనో అత్తనో అల్లుణ్నో నార్సిసిస్టు అనో బోర్డర్‌లైన్ అనో పిలవకండి. ఎవరైనా తమను గాయపరచుకుంటుంటే, చావు మాట ఎత్తుతుంటే, అది నటన అనుకుని వదిలేయకండి. కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు.